ప్లాటు పత్రాలు లాయర్‌కి పంపేటప్పుడు కవరింగ్ లెటర్: మూడు పద్ధతుల్లో మీకు ఏది సరిపోతుంది?

ప్లాటు కొనే ముందు పత్రాలు లాయర్‌కి చూపించాలని ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ పత్రాలతో పాటు ఏం రాసి పంపాలన్నది మాత్రం ఎక్కువ మంది పట్టించుకోరు. లాయర్ ఇచ్చే ఒపీనియన్ మనం పంపిన కాగితాల మీద, అడిగిన ప్రశ్నల మీద నిలబడుతుంది. 'పత్రాలు చూడండి' అంటే పత్రాలే చూస్తారు. పంపని పత్రంలో ఏముందో, ఊళ్లో ఏం అనుకుంటున్నారో ఆయనకు ఎలా తెలుస్తుంది?

జనం పంపే కవరింగ్ లెటర్లు స్థూలంగా మూడు రకాలు. మొదటిది వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు, వాటి కింద ఒక లైను. రెండోది పత్రాల జాబితాతో పద్ధతిగా రాసిన లేఖ. మూడోది జాబితాతో పాటు ప్లాటు కథ, మనకున్న అనుమానాలు, తేల్చమని అడిగే ప్రశ్నలు ఉన్న లేఖ. ఒకే ప్లాటుకి ఈ మూడూ రాసి చూస్తే తేడా తెలుస్తుంది. అందుకని ఒక ఉదాహరణ కల్పించుకుందాం. ఇలాంటి కథ ఉన్న ప్లాట్లు హైదరాబాద్ చుట్టుపక్కల కొత్తేమీ కాదు.

రంగారెడ్డి జిల్లాలో ఒక పాత పంచాయతీ వెంచర్. అందులో 47వ నంబరు ప్లాటు, 200 గజాలు. మొత్తం భూమి 4 ఎకరాల 20 గుంటలు, ఒకే పట్టాదారుది. ఆయన 2006 జూన్‌లో వెంచర్ వేసిన వ్యక్తికి తన తరఫున అమ్మే అధికారం ఇస్తూ రిజిస్టర్డ్ జీపీఏ ఇచ్చాడు. ఆ జీపీఏ హోల్డర్ 2007 మార్చిలో 47వ ప్లాటుని ఒకరికి అమ్మాడు. అతని దగ్గర 2014లో ఇప్పటి అమ్మకందారు కొన్నాడు. 2020లో అనధికార లేఅవుట్లలోని ప్లాట్లని క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్‌కి వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాడు. మనకి ఇచ్చినవి 2014 సేల్ డీడ్ జిరాక్సు, 2007 సేల్ డీడ్ జిరాక్సు, 2013 నుంచి ఇప్పటిదాకా ప్లాటు మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ, లేఅవుట్ నకలు, ఎల్ఆర్ఎస్ రసీదు. ప్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు పక్కన టీ కొట్టులో ఒక పెద్దాయన, 'పట్టాదారు ఆ వెంచర్ వేసిన కొన్నాళ్లకే పోయాడు కదా' అన్నాడు.

ఒక్క లైను మెసేజ్

'నమస్తే సార్, ఈ ప్లాటు డాక్యుమెంట్లు ఒకసారి చూసి క్లియర్‌గా ఉందో లేదో చెప్పండి.'

లాయర్ రెండు సేల్ డీడ్‌లు చదువుతారు. హద్దులు, విస్తీర్ణం, పేర్లు కలిశాయా అని చూస్తారు. ఈసీలో 2014 లావాదేవీ తప్ప ఇంకేమీ లేదు. 'ఒరిజినల్స్ చూడడానికి లోబడి, పంపిన పత్రాల ప్రకారం టైటిల్ సరిగానే ఉన్నట్టు కనబడుతోంది' అని జవాబు వస్తుంది. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ 'లోబడి' అన్న మాట మనం చదవం, చివరి మాట చదివి టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తాం.

ఈ పద్ధతి ఒక్క సందర్భంలో పనికొస్తుంది. ఇంకా బేరం కుదరలేదు, నాలుగు ప్లాట్లలో ఏదాన్ని పట్టించుకోవాలో తెలియాలి, పరిచయమున్న లాయర్ ఉన్నారు. అప్పుడు జల్లెడ పట్టడానికి ఇది చాలు. దీని ఆధారంగా రూపాయి మాత్రం చేతులు మారకూడదు.

పత్రాల జాబితాతో లేఖ

బ్యాంకు లోను తీసుకున్నవాళ్లకి ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. ప్లాటు షెడ్యూలు, పత్రాల పేర్లు, నంబర్లు, తేదీలు వరసగా రాసి 'పై పత్రాలను పరిశీలించి లీగల్ ఒపీనియన్ ఇవ్వగలరు' అంటారు. మొదటిదానికన్నా ఇది చాలా నయం. తేదీల వరసలో రాసేసరికి గొలుసులో లేని లింకు దానంతట అదే కనబడుతుంది. మన ఉదాహరణలో 2007 సేల్ డీడ్ మీద జీపీఏ హోల్డర్ సంతకం ఉంది కానీ జాబితాలో జీపీఏ లేదు. లాయర్ వెంటనే 2006 జీపీఏ కావాలంటారు. ఈసీ 2013 నుంచే ఎందుకుందని కూడా అడుగుతారు.

ఈసీ విషయంలో చిన్న పక్కమాట. బ్యాంకులు చాలాసార్లు 13 ఏళ్ల ఈసీతో సరిపెట్టుకుంటాయి. టైటిల్ ఆధారంగా స్వాధీనం కోరుతూ ప్రైవేటు వ్యక్తి దావా వేయడానికి గడువు 12 ఏళ్లు కాబట్టి ఆ లెక్క వచ్చింది. ప్రభుత్వానికైతే ఆ గడువు 30 ఏళ్లు. కొనుక్కునేవాళ్లు 30 ఏళ్లు అడగడమే మంచిది. తెలంగాణలో 1983 నుంచి ఈసీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా తీయించాలి.

జాబితా లేఖకి ఒక హద్దుంది. కాగితాల్లో ఉన్న లోటుని అది పట్టిస్తుంది, కాగితాల బయట ఉన్నదాన్ని పట్టించలేదు. పట్టాదారు ఎప్పుడు చనిపోయాడన్నది సేల్ డీడ్‌లో రాయరు, ఈసీలోకి ఎక్కదు. అమ్మకందారు జీపీఏ తెచ్చి ఇచ్చాక గొలుసు పూర్తయినట్టే కనబడుతుంది.

ప్రభుత్వ అనుమతి ఉన్న లేఅవుట్‌లో, రెరా నంబరు ఉండి, డెవలపర్ దగ్గర నేరుగా మొదటిసారి కొంటున్నప్పుడు ఈ లేఖ సరిపోతుంది. అక్కడ భూమి గొలుసు అన్ని ప్లాట్లకూ ఒకటే. అనుమతి పత్రాలు, డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, భూమి యజమానుల సంతకాలు చూస్తే సగం పని అయిపోతుంది. చేతులు మారిన ప్లాటు అయినా, పాత పంచాయతీ వెంచర్ అయినా, గొలుసులో జీపీఏ గానీ వారసత్వం గానీ ఉన్నా జాబితాతో ఆగకూడదు.

ప్రశ్నలతో లేఖ

అదే 47వ ప్లాటుకి నేనైతే ఇలా రాస్తాను.

గౌరవనీయులైన అడ్వకేట్ గారికి,

నమస్కారం. రంగారెడ్డి జిల్లాలో ప్లాటు నం. 47, 200 చదరపు గజాలు కొనాలనుకుంటున్నాను. సర్వే నంబరు, గ్రామం, హద్దులు జతచేసిన షెడ్యూలులో ఉన్నాయి. ఇప్పటిదాకా అడ్వాన్స్ ఏమీ ఇవ్వలేదు. అమ్మకందారు ఈ నెలాఖరుకి అగ్రిమెంటు చేసుకుందామంటున్నారు. మీ ఒపీనియన్ వచ్చేదాకా సంతకం పెట్టను.

నాకు తెలిసినంతలో ప్లాటు కథ ఇది. మొత్తం 4 ఎకరాల 20 గుంటలు ఒకే పట్టాదారుది. 2006 జూన్‌లో జీపీఏ, 2007 మార్చిలో జీపీఏ హోల్డర్ ద్వారా మొదటి అమ్మకం, 2014లో ఇప్పటి అమ్మకందారుకి రెండో అమ్మకం. పట్టాదారుకి ఈ భూమి ఎలా వచ్చిందో, పిత్రార్జితమో స్వార్జితమో నాకు తెలియదు.

జతచేసినవి:
1. 2007 సేల్ డీడ్, జిరాక్సు. వెనక పేజీలు లేవు.
2. 2014 సేల్ డీడ్, జిరాక్సు. ఒరిజినల్ అమ్మకందారు చేతిలో చూశాను.
3. 2013 నుంచి ఇప్పటిదాకా ఈసీ, ప్లాటు నంబరు మీద తీసినది.
4. లేఅవుట్ నకలు. ముద్ర ఉంది, అనుమతి నంబరు కనబడలేదు.
5. 2020 ఎల్ఆర్ఎస్ దరఖాస్తు రసీదు. మంజూరు పత్రం లేదు.

నా దగ్గర లేనివి: 2006 జీపీఏ, పట్టాదారు పాస్ పుస్తకం, పాత పహాణీలు, నాలా పత్రం.

విన్నది, రుజువు లేదు: వెంచర్ వేసిన కొద్ది కాలానికే పట్టాదారు చనిపోయారని ఊళ్లో ఒకరు అన్నారు. ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు ఉన్నారట.

మీరు తేల్చాలని కోరేవి:
మొదటిది, 2007 మార్చి నాటికి జీపీఏ చెల్లుబాటులో ఉందా? ఆ రోజుకి పట్టాదారు బతికే ఉన్నారా? అది మామూలు జీపీఏనా, ప్రతిఫలం తీసుకుని ఇచ్చిన అగ్రిమెంట్ ఆఫ్ సేల్ కమ్ జీపీఏనా?
రెండోది, జీపీఏ చెల్లకపోతే లోపం సరిచేయడానికి ఎవరెవరి సంతకాలు కావాలి?
మూడోది, ఈ సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో గానీ, అసైన్డ్, వక్ఫ్, దేవాదాయ, చెరువు హద్దుల్లో గానీ ఉందా?
నాలుగోది, లేఅవుట్ నకలులో 47గా చూపిన చోటు, సేల్ డీడ్ హద్దులు ఒకటేనా?

పత్రాల మీద ఒపీనియన్‌తో పాటు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సెర్చ్, కోర్టు కేసుల సెర్చ్ కూడా చేయించాలని కోరుతున్నాను. దేనికి ఎంత ఫీజు, ఎన్ని రోజులు పడుతుందో ముందుగా చెప్పగలరు. అమ్మకందారుని ఇంకా ఏ పత్రాలు అడగాలో జాబితా ఇస్తే నేనే అడిగి తెస్తాను.

ఇట్లు,
(పేరు, ఫోన్ నంబరు)

లేఖ పొడుగే. అయినా ఇందులో నాలుగు చోట్ల జాబితా లేఖకి లేని బలం ఉంది.

అన్నిటికన్నా పెద్దది మొదటి ప్రశ్న. జీపీఏ ఇచ్చినవాడు చనిపోతే ఆ అధికారం అక్కడితో పోతుందన్నది కాంట్రాక్టు చట్టంలో మామూలు సూత్రం. ఏజెంటుకి ఆ ఆస్తిలోనే సొంత ప్రయోజనం ఉంటే మినహాయింపు ఉంది. డబ్బు మొత్తం తీసుకుని రాసిచ్చిన అగ్రిమెంట్ ఆఫ్ సేల్ కమ్ జీపీఏ ఈ మినహాయింపు కిందికి వస్తుందని వాదించడానికి వీలుంటుంది, ఉత్త జీపీఏకి ఆ వీలు చాలా తక్కువ. అంటే పట్టాదారు 2007 జనవరిలో పోయి ఉంటే, మార్చిలో జరిగిన అమ్మకం మీద వారసులు ఈరోజైనా ప్రశ్న లేపవచ్చు. నిలబడుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి, ఇల్లు కట్టుకున్నాక ఆ నోటీసు వస్తే పడే టెన్షన్ వేరు. ఒకే ఒక్క మరణ ధ్రువపత్రం మీద ఇదంతా ఆధారపడి ఉంది. టీ కొట్టు మాటని లేఖలో రాయకపోతే ఆ పత్రం అడగాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఈసీ మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదనడానికి ఇదే జీపీఏ మంచి ఉదాహరణ. స్థిరాస్తి బదిలీ పత్రాలు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పుస్తకం 1లో ఎక్కుతాయి, ఈసీ తయారయ్యేది దాన్నుంచే. మామూలు జీపీఏ సాధారణంగా పుస్తకం 4లోకి పోతుంది. కాబట్టి అది గానీ దాని రద్దు గానీ ఈసీలో కనిపించకపోవచ్చు. పుస్తకం 1లోని పత్రం నకలు ఎవరైనా ఫీజు కట్టి తీసుకోవచ్చు. పుస్తకం 4లోని పత్రం నకలు రాసిచ్చినవాళ్లకి, దాని కింద హక్కు చెప్పుకునేవాళ్లకి, వాళ్ల ప్రతినిధులకి మాత్రమే ఇస్తారు. అందుకే జీపీఏ సర్టిఫైడ్ కాపీ తెచ్చే బాధ్యత అమ్మకందారు మీద పెట్టాలి. 'మీరే తీసుకోండి సార్, ఆన్‌లైన్‌లో ఉంటుంది' అంటే ఒప్పుకోవద్దు.

ఒరిజినలా జిరాక్సా అని ఒక్కో పత్రానికి రాయడం రెండో బలం. వెనక పేజీలు లేవని రాయడం చాదస్తంలా అనిపిస్తుంది. పాత దస్తావేజుల్లో రిజిస్ట్రేషన్ వివరాలు, వేలిముద్రలు, ఎవరు హాజరై ఒప్పుకున్నారన్న రాత ఉండేది వెనకవైపే. జీపీఏ హోల్డర్ సంతకం పెట్టాడా, పట్టాదారే వచ్చాడా అన్నది అక్కడ తెలుస్తుంది. చూపించడానికి ఒరిజినల్ లేకపోతే అది ఎక్కడో తాకట్టులో ఉందేమోనని లాయర్ అనుమానిస్తారు. బ్యాంకులో టైటిల్ డీడ్ పెట్టి తీసుకున్న అప్పు రిజిస్టర్ కాకపోతే ఈసీలో రాదు. దానికి బ్యాంకు తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్‌సాయ్‌లో వెతకాలి.

మూడోది, ఈసీ దేని మీద తీశారో చెప్పడం. ప్లాటు నంబరు మీద తీస్తే 2007కి ముందు ఏమీ దొరకదు, అప్పటికి ప్లాటే లేదు. సర్వే నంబరు మీద కూడా తీయాలి. సర్వే నంబరుకి బై నంబర్లు, అక్షరాలు ఉంటే వాటన్నిటితో విడివిడిగా తీయించాలి. ఊరు ఒకప్పుడు వేరే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పరిధిలో ఉండి ఉంటే అక్కడ కూడా వెతకాలి. సర్వే నంబరు మీద తీసిన ఈసీ ఇంకో పనికీ వస్తుంది. 4 ఎకరాల 20 గుంటలు అంటే 180 గుంటలు, గుంటకి 121 గజాల లెక్కన 21,780 గజాలు. రోడ్లు, ఖాళీ స్థలం పోగా అందులో అమ్మడానికి మిగిలేది సగం పైన కొంత. ఈసీలో అమ్మిన ప్లాట్ల విస్తీర్ణం, ఒక్కో ప్లాటుని ఒకసారే లెక్కేసి కూడితే 18,000 గజాలు వచ్చిందనుకోండి, రోడ్డో పార్కో ఎవరికో రిజిస్టర్ అయిపోయిందన్నమాట. అది మీ 47 కాకూడదు కదా. నాలుగో ప్రశ్న అడిగింది ఇందుకే.

నాలుగోది, ఒపీనియన్ వేరు, సెర్చ్ వేరు అని స్పష్టంగా రాయడం. ఇచ్చిన కాగితాలు చదివి అభిప్రాయం చెప్పడం ఒక పని. ఆఫీసుల్లో, కోర్టు రికార్డుల్లో వెతికించడం ఇంకో పని, దానికి ఫీజు వేరే. ఏది కావాలో చెప్పకపోతే మొదటిదే జరుగుతుంది. అమ్మకందారు, పాత పట్టాదారు పేర్ల మీద జిల్లా కోర్టులో కేసులు ఈ-కోర్ట్స్‌లో పేరుతో వెతకవచ్చు. కానీ పేర్లు రకరకాల స్పెల్లింగులతో ఉంటాయి. అది లాయర్ చేతుల మీద జరిగితే మేలు.

ఎల్ఆర్ఎస్ రసీదు గురించి ఒక మాట. మంజూరు వచ్చినా సరే, ఎల్ఆర్ఎస్ అనధికార లేఅవుట్‌లోని ప్లాటుని క్రమబద్ధం చేస్తుంది గానీ అమ్మకందారుకి లేని హక్కుని ఇవ్వదు. రిజిస్ట్రేషన్ కూడా అంతే. 'ఎల్ఆర్ఎస్ ఉంది, రిజిస్ట్రేషన్ అయ్యింది, ఇంకేం కావాలి' అనే ఏజెంట్ మాట మీ లేఖలోకి రానివ్వకండి.

బ్యాంకు లాయర్ చూస్తారు కదా?

లోను తీసుకుంటున్నవాళ్లు ఎక్కువగా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. బ్యాంకు ప్యానెల్ లాయర్ ఒపీనియన్ బ్యాంకు పేరు మీద, బ్యాంకు అడిగిన ఫార్మాట్‌లో ఉంటుంది. అది పైన చెప్పిన రెండో రకం, జాబితా. లోను మొత్తం వసూలవుతుందా అన్నది బ్యాంకు గొడవ. పదిహేనేళ్ల తర్వాత వారసులు వస్తారా అన్నది మన గొడవ. బ్యాంకు ఒపీనియన్ ఉండటం మంచిదే, కానీ ప్రశ్నల లేఖ మన లాయర్‌కి విడిగా వెళ్లాలి. అమ్మకందారు లేదా ఏజెంట్ 'మా లాయర్ ఉన్నారు, ఫీజు కూడా మేమే చూసుకుంటాం' అంటే మర్యాదగా వద్దనండి.

జవాబు వచ్చాక

ప్రశ్నల లేఖకి జవాబు ఒక్క మాటలో రాదు. మన ఉదాహరణలో లాయర్ అడిగే అవకాశం ఉన్నవి ఇవి: పట్టాదారు మరణ ధ్రువపత్రం, 2006 జీపీఏ సర్టిఫైడ్ కాపీ, సర్వే నంబరు మీద 30 ఏళ్ల ఈసీ, 1954-55 ఖాస్రా పహాణీ నుంచి ముఖ్యమైన సంవత్సరాల పహాణీలు. పట్టాదారు 2008లో చనిపోయాడని తేలితే మరణం మీద ఉన్న అనుమానం అక్కడితో తీరిపోతుంది, మిగతావి మామూలు పని. 2007 జనవరి అని తేలితే భార్య, కొడుకు, ఇద్దరు కూతుళ్లు, తల్లి బతికి ఉంటే ఆవిడ కూడా, అందరూ కలిసి పాత అమ్మకాన్ని ఒప్పుకుంటూ రాటిఫికేషన్ డీడ్ రిజిస్టర్ చేసివ్వాలని చెప్పవచ్చు. కూతుళ్ల సంతకం లేకుండా కొడుకు ఒక్కడితో సరిపెడదామంటే వినకూడదు. హిందూ వారసత్వ చట్టం కింద తండ్రి స్వార్జితంలో 1956 నుంచే కూతుళ్లకి కొడుకులతో సమానంగా వాటా ఉంది. పిత్రార్జితం అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నాటి సవరణ, ఆ తర్వాత 2005 కేంద్ర సవరణ కూడా చూడాలి. పిత్రార్జితమో స్వార్జితమో తెలియదని లేఖలో ఒప్పుకున్నది ఇందుకే.

ఆ పత్రాలు వచ్చాక లాయర్‌కి మళ్లీ కొత్త లేఖ రాయనక్కరలేదు. మొదటి లేఖ తేదీ పేర్కొని, వచ్చిన పత్రాలకి 6, 7, 8 అని అదే వరసలో నంబర్లు వేసి, ఏ ప్రశ్నకి ఏ పత్రమో రాసి పంపితే చాలు. ఈలోగా అమ్మకందారు తొందరపెట్టి అగ్రిమెంటు తప్పదంటే, లీగల్ ఒపీనియన్ అనుకూలంగా రాకపోతే అడ్వాన్స్ మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించి, ఆ అగ్రిమెంటు ముసాయిదాని కూడా సంతకానికి ముందే లాయర్‌కి పంపండి.